అప్పీలు ఆలస్యమైతే అఫిడవిట్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: 40 సెంట్ల భూమి విషయంలో మా దాయాదిపై నేను వేసిన దావాను జూనియర్ సివిల్ జడ్జి కోర్టు 2025 ఫిబ్రవరి 10న కొట్టివేసింది. ఆ సంగతి మూడు రోజుల్లోనే తెలిసింది. 17న నకళ్ళకు దరఖాస్తు పెట్టించాను. మార్చి 20 ప్రాంతంలో ఫోను చేస్తే నకలు ఇంకా రాలేదని పాత ప్లీడరు గారి గుమాస్తా చెప్పారు. ఏప్రిల్ 12న మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి 26న ఇంటికి పంపారు, తరువాత కూడా మంచంలోనే ఉంది. జూన్ 9న ప్లీడరు గారి ఆఫీసుకు వెళ్తే నకలు మార్చి 10కే సిద్ధమైందని, 17న తీసుకున్నారని దాని మీద ఉంది. పెద్దమనుషుల్లో రాజీ కుదురుతుందేమోనని మరో రెండు వారాలు ఆగాను. జూన్ 23న కొత్త ప్లీడరు గారికి కాగితాలిచ్చాను. జులై 7న అప్పీలు వేస్తామంటున్నారు. 147 రోజుల ఆలస్యం కనుక, నాకు మూడు నెలలు పచ్చకామెర్లు వచ్చాయని, తీర్పు సంగతి జూన్‌లోనే తెలిసిందని రాద్దామని, సర్టిఫికెట్ తాను తెప్పిస్తానని అక్కడి గుమాస్తా అంటున్నారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే కొట్టేస్తారా?
— ఒక రైతు

సమాధానం: ముందుగా ఆ 147 అనే అంకెను సరిచేసుకుందాం, ఎందుకంటే మీ భయంలో సగం దానివల్ల వచ్చినదే. అది తీర్పు రోజు నుంచి అప్పీలు వేయబోయే రోజు వరకు ఉన్న కాలం. చట్టం దృష్టిలో ఆలస్యం అంటే అది కాదు. గడువు ముగిసిన మరునాటి నుంచి దాఖలు చేసిన రోజు వరకు గడిచిన కాలమే ఆలస్యం.

హైకోర్టు కాని కోర్టులో సివిల్ అప్పీలు వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం 30 రోజుల గడువు ఇచ్చింది. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం తీర్పు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోకూడదు, నకలు పొందడానికి అవసరమైన కాలాన్ని కూడా మినహాయించాలి. ఫిబ్రవరి 11 నుంచి లెక్కిస్తే 30 రోజులు మార్చి 12తో ముగుస్తాయి. మీరు నకలుకు దరఖాస్తు చేసిన ఫిబ్రవరి 17 నుంచి అది సిద్ధమైన మార్చి 10 వరకు, రెండు చివరి రోజులనూ కలుపుకొని, 22 రోజులు. వాటిని కలిపితే మీ గడువు ఏప్రిల్ 3 వరకు వస్తుంది. ఏప్రిల్ 4 నుంచి జులై 7 వరకు లెక్కిస్తే ఆలస్యం 95 రోజులు. నకలు వెనుక వేసే ముద్రలో దరఖాస్తు చేసిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ విడివిడిగా ఉంటాయి. చార్జీలు అడిగిన తరువాత కట్టడంలో మీవైపు జాప్యం జరిగి ఉంటే ఆ రోజులు మినహాయింపులోకి రావు కనుక ఆ ముద్రను ఒకసారి మీ కళ్ళతో చూసుకోండి. సిద్ధమైన తరువాత మార్చి 17 వరకు నకలు కోర్టులోనే ఉండిపోయిన కాలం కూడా మినహాయింపులోకి రాదు.

వేసవి సెలవుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ రోజులను తీసివేసి లెక్క చెబుతారు. గడువు ముగిసే రోజున కోర్టు మూసి ఉంటేనే, తిరిగి తెరిచిన రోజున దాఖలు చేసుకోవచ్చని 4వ సెక్షన్ అంటుంది. మీ గడువు సెలవులు మొదలుకాక ముందే ఏప్రిల్ 3న ముగిసింది కాబట్టి ఆ రోజులన్నీ ఆలస్యంలో భాగమే. అంకె తప్పుగా వేస్తే ఆలస్యం మన్నించమని వేసే పిటిషన్ అక్కడే వెనక్కి వస్తుంది, అంతకంటే ముఖ్యంగా ఎదుటి పక్షానికి మొదటి వాక్యంలోనే ఒక తప్పు దొరుకుతుంది.

ఇక కామెర్ల సంగతి. ఆలస్యం మన్నించమని జిల్లా కోర్టుల్లో పడే అఫిడవిట్లను చదివితే, మన ప్రాంతంలో దావా ఓడిపోయిన వారందరికీ కామెర్లు వస్తాయని, వారంతా నాటు వైద్యం తీసుకుంటూ మంచానికే పరిమితమవుతారని ఎవరైనా అనుకుంటారు. ఈ కథను న్యాయాధికారులు ఎన్నిసార్లు చదివి ఉంటారో చెప్పనక్కరలేదు. మీ విషయంలో దీనికి మరో ఇబ్బంది ఉంది. ప్రతివాది మీ దాయాది, ఒకే ఊరివాడు. ఏప్రిల్‌లో మీరు ఆసుపత్రిలో అమ్మగారి పక్కన ఉన్నారని ఆయనకు తెలుసు. అక్కడి అంగీకార పత్రం మీద సంతకం మీదే అయి ఉంటుంది. జూన్‌లో పెద్దమనుషుల ముందు ఆయన ఎదురుగా మీరే కూర్చున్నారు. మీ పిటిషన్‌కు జవాబుగా వేసే కౌంటరులో ఆయన వీటిని రాస్తే మీ మంచం కథ అక్కడితో ముగుస్తుంది. వివాదాస్పదమైన సంగతులు ఉన్నప్పుడు ఇలాంటి పిటిషన్లలో కూడా పిటిషనరును, సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును క్రాస్ ఎగ్జామినేషన్ చేయడానికి కోర్టు అనుమతించవచ్చు. నేను చూసిన ఒక పిటిషన్‌లో మూడు నెలలు మంచం దిగలేదన్న వ్యక్తి అదే కాలంలో సబ్ రిజిస్ట్రారు ఎదుట వేలిముద్ర వేసిన దస్తావేజును ఎదుటివారు తెచ్చి దాఖలు చేశారు. వాదన పది నిమిషాలు కూడా సాగలేదు.

అఫిడవిట్ ప్రమాణం మీద చెప్పే మాట. అందులో తెలిసి అబద్ధం చెప్పడం భారతీయ న్యాయ సంహిత 227, 229 సెక్షన్ల కింద తప్పుడు సాక్ష్యం అవుతుంది, న్యాయస్థానపు వ్యవహారంలో అయితే ఏడేళ్ళ వరకు జైలు శిక్ష విధించవచ్చు. సంతకం మీది, గుమాస్తాది కాదు. ప్రాసిక్యూషన్ దాకా వెళ్ళే సందర్భాలు తక్కువే కావచ్చు, కానీ మన్నింపు అనేది కోర్టు విచక్షణ మీద ఆధారపడినది. అబద్ధంతో వచ్చినవారి పట్ల ఆ విచక్షణను ఏ కోర్టూ ఉపయోగించదు. అప్పుడు మీ దగ్గర నిజంగా ఉన్న అమ్మగారి ఆపరేషన్ అనే కారణం కూడా ఆ అబద్ధంతో పాటే కొట్టుకుపోతుంది.

కాలపరిమితి చట్టంలోని 5వ సెక్షన్ అడిగేది ఒక్కటే, గడువులోగా రాలేకపోవడానికి తగిన కారణం ఉందా అని. రోజుల సంఖ్య కంటే కారణంలో నిజమెంత, దానికి ఆధారమేమిటి అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 1998లో ఎన్. బాలకృష్ణన్ కేసులో చెప్పింది. అక్కడ 883 రోజుల ఆలస్యాన్ని మన్నించారు. మన ఆంధ్రప్రదేశ్ భూసేకరణ వ్యవహారం నుంచే వెళ్ళిన పాతపాటి సుబ్బారెడ్డి కేసులో 2024లో అదే సుప్రీంకోర్టు 5,659 రోజుల ఆలస్యాన్ని మన్నించడానికి నిరాకరించింది. తోటివారికి ఉపశమనం దొరికింది కనుక మాకూ ఇవ్వాలనడం తగిన కారణం కాదంది. ఈ రెండింటి మధ్య మీ 95 రోజులు చాలా చిన్న అంకె, అలాగని అంకె చిన్నదన్న ధీమాతో కారణం చెప్పకుండా వదిలేస్తే పనికిరాదు.

ఏ కాలానికి సంజాయిషీ ఇవ్వాలన్నది మరో ప్రశ్న. 1961లో రాంలాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. గడువు ఉన్నన్నాళ్ళూ ఎందుకు దాఖలు చేయలేదని నిలదీయనక్కరలేదని, చివరి రోజు నుంచి దాఖలు చేసిన రోజు వరకు జరిగినదాన్ని వివరిస్తే చాలునని చెప్పింది. అందువల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీరు ఏం చేశారన్నదాన్ని నేపథ్యంగా నాలుగు వాక్యాల్లో ముగించి, ఏప్రిల్ 4 నుంచి అసలు కథ మొదలుపెట్టండి. తీర్పు సంగతి జూన్‌లోనే తెలిసిందన్న అబద్ధం ఇక్కడ ఎంత అనవసరమో గమనించండి. ఫిబ్రవరి 17న నకలుకు దరఖాస్తు పెట్టింది మీ పేరు మీదే, ఆ తేదీ మీరు దాఖలు చేసే నకలు వెనుకే ఉంటుంది. తీర్పు తెలియని మనిషి దాని నకలు ఎలా అడుగుతాడు?

ఇప్పుడు ఆ 95 రోజులను తేదీల వారీగా విడగొట్టి చూడండి. ఏప్రిల్ 4 నుంచి 11 వరకు 8 రోజులు నకలు రాలేదన్న నమ్మకంలో ఉన్నారు. 12 నుంచి 26 వరకు 15 రోజులు ఆసుపత్రి. 27 నుంచి జూన్ 8 వరకు 43 రోజులు ఇంట్లో అమ్మగారి సేవ. జూన్ 9 నుంచి 22 వరకు 14 రోజులు రాజీ ప్రయత్నం. 23 నుంచి జులై 7 వరకు 15 రోజులు కొత్త ప్లీడరు గారి దగ్గర. ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది, కానీ అన్నీ ఒకే బలం ఉన్నవి కావు. మంచి అఫిడవిట్ ఆ తేడాను దాచదు.

మొదటి 8 రోజుల గురించి రాసేటప్పుడు పాత ప్లీడరు గారి మీద నింద వేయకండి. ఫలానా తేదీన ఫలానా నంబరు నుంచి ఫోను చేశాను, గుమాస్తా ఇలా చెప్పారు, నేను నమ్మాను అని మాత్రమే రాయండి. ప్లీడరు చేసిన పొరపాటుకు ఏమీ తెలియని కక్షిదారు బలికాకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే, కానీ ఆ మాటను ప్రతివారూ వాడుకోవడం వల్ల, ఒట్టి ఆరోపణను కోర్టులు ఇప్పుడు అంత సులభంగా నమ్మడం లేదు. మీ ఫోను కాల్ వివరాలు కంపెనీ నుంచి తీసుకోగలిగితే జతచేయండి. గుమాస్తా స్వయంగా ఒక చిన్న అఫిడవిట్ ఇవ్వడానికి ఒప్పుకుంటే అది ఇంకా మంచిది. మార్చి 20 తరువాత మళ్ళీ ఫోను చేశారా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. చేయకపోతే చేయలేదనే రాయండి, అందుకు కారణమేదైనా ఉంటే దాన్ని కూడా రాయండి.

ఆసుపత్రి కాలానికి డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు చాలు. ఇక్కడ పొరపాటు జరిగేది 43 రోజుల దగ్గర. అమ్మ మంచంలో ఉంది కనుక రాలేకపోయాను అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఇంట్లో ఇంకెవరూ లేరా, ఒక్క పూట పట్నం వెళ్ళి రాలేరా అని బెంచి మీద నుంచి అడిగితే ప్లీడరు గారు మీ ముఖం చూస్తారు. అందుకే ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, అమ్మగారిని లేపి కూర్చోబెట్టడానికి ఎవరు కావాల్సి వచ్చింది, మళ్ళీ చూపించడానికి ఏ తేదీల్లో తీసుకువెళ్ళారు, ఊరి నుంచి కోర్టు ఎంత దూరం అన్నవి నిజంగా ఉన్నంతవరకు చెప్పాలి. ఆ కాలంలో మీరు ఒకటి రెండు రోజులు వేరే పనిమీద బయటికి వెళ్ళి ఉంటే అది కూడా రాయండి. 1987లో కాతీజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ప్రతి రోజుకూ సంజాయిషీ అంటే గంటగంటకూ లెక్క చెప్పమని కాదు. ఇంగితజ్ఞానంతో చూడాలన్నదే దాని భావం. ఒక పూట మీరు బజారుకు వెళ్ళినంతలో పిటిషన్ పడిపోదు, వెళ్ళలేదని ప్రమాణం చేస్తే పడిపోవచ్చు.

అన్నిటికంటే బలహీనమైనది రాజీ కోసం ఆగిన 14 రోజులు. గడువు దాటిందని తెలిసి కూడా మీరు ఆగారన్నది దాచలేని సంగతి, ఎందుకంటే ఎదుటివారే అందులో రెండో పక్షం. గడువు దాటిన అప్పీలును ఇంకా ఆలస్యం చేయవచ్చని రాజీ చర్చలు అనుమతి ఇవ్వవు, కొందరు న్యాయాధికారులు దీన్ని నిర్లక్ష్యంగానే చూస్తారు. అయినా దాన్ని తగ్గించి రాయడం కంటే, ఏ తేదీల్లో ఎవరి సమక్షంలో మాట్లాడుకున్నారో, ఏ రోజున విఫలమైందో, మరునాడే మీరు ప్లీడరును కలిశారో లేదో స్పష్టంగా చెప్పడమే మేలు. దుర్బుద్ధి లేదని, ఆలస్యం వల్ల మీకు లాభమేమీ లేదని అప్పుడే అర్థమవుతుంది. ఓడిపోయిన వాది ఆలస్యం చేసి సంపాదించేది ఏమీ ఉండదు కదా. ప్రతివాదికి కలిగిన అసౌకర్యానికి కోర్టు సబబనుకున్న ఖర్చులు చెల్లించడానికి సిద్ధమని కూడా ఒక వాక్యం చేర్చండి. ఖర్చుల షరతు మీద మన్నించడం మామూలే.

భాష ఎలా ఉండాలో చూపడానికి మధ్య పేరాలు నమూనాగా ఇస్తున్నాను. మీకు వర్తించని వివరాన్ని ఒక్కదాన్ని కూడా ఉంచకండి, ఖాళీలను ఆధారాలు చూసి నింపండి.

"3. తీర్పు సంగతి నాకు 13-02-2025న ఫోను ద్వారా తెలిసింది. 17-02-2025న నా తరఫున నకళ్ళకు దరఖాస్తు చేయబడింది. నకళ్ళు 10-03-2025న సిద్ధమైనవి. అప్పీలు గడువు 03-04-2025తో ముగిసినది.

4. నేను సుమారు 20-03-2025న నా పూర్వ న్యాయవాది గారి కార్యాలయానికి ఫోను చేయగా నకళ్ళు ఇంకా రాలేదని గుమాస్తా చెప్పారు. నేను ఆ మాట నమ్మి ఉన్నాను. ఆ తరువాత 09-06-2025 వరకు నేను స్వయంగా విచారించలేదు.

5. 12-04-2025న నా తల్లి జారిపడగా తుంటి ఎముక విరిగినది. శస్త్రచికిత్స జరిగి 26-04-2025న డిశ్చార్జి అయినది. ఆ కాలమంతా ఆమె వద్ద ఉన్నది నేనే. ఇంటికి వచ్చిన తరువాత ఆమె లేవలేని స్థితిలో ఉండినది. ఇంట్లో ఉన్నవారు ______. డిశ్చార్జి సమ్మరీ దీనితో జతపరచడమైనది.

6. 09-06-2025న నకలు చూసి గడువు దాటినట్టు గ్రహించాను. గ్రామ పెద్దల సమక్షంలో రాజీకి ప్రయత్నించి 22-06-2025 వరకు ఆగినాను. ఆ విధంగా ఆగకుండా ఉండవలసినదని అంగీకరిస్తున్నాను. మరునాడు ప్రస్తుత న్యాయవాది గారికి కాగితములు అప్పగించాను."

నాలుగో పేరాలోని చివరి వాక్యం, ఆరో పేరాలోని మూడో వాక్యం చదివి మీ గుమాస్తా గారు తల పట్టుకోవచ్చు. మనకు వ్యతిరేకంగా మనమే రాసుకుంటామా అంటారు. కానీ ఆ రెండూ ఎదుటివారు కౌంటరులో ఎలాగూ రాసేవే. ముందుగా మీరే చెబితే వారి కౌంటరులో కొత్తగా చెప్పడానికి మిగిలేది తక్కువ, మిగతా పేరాలను కోర్టు నమ్మడానికి కారణం ఎక్కువ. విచారించలేదన్నది మీ విషయంలో నిజం కాకపోతే మాత్రం ఆ వాక్యం తీసివేసి, నిజంగా జరిగినది రాయండి.

మీకు స్వయంగా తెలిసినదాన్ని, ఇతరులు చెప్పగా నమ్మినదాన్ని ఒకే వాక్యంలో కలపకండి. ఎవరు చెబితే నమ్మారో చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరు కోరుతుంది. దావాలో న్యాయం మీవైపు ఉందని పేజీలకు పేజీలు ఇక్కడ రాయనక్కరలేదు, అది అప్పీలు కారణాల్లో ఉంటుంది. అఫిడవిట్ ఇంగ్లీషులో తయారైతే, దాన్ని మీకు తెలుగులో చదివి వినిపించి వివరించినట్టు ధృవీకరించేవారు రాయాలి. నిజంగా చదివించుకున్న తరువాతే సంతకం చేయండి. ఖాళీ కాగితం మీద ముందే సంతకం పెట్టి పంపే అలవాటు మన ఊళ్ళలో ఎంత నష్టం చేసిందో, కామెర్ల కథలు ఇన్ని పుట్టడానికి అది కూడా ఎంత కారణమో నాకు తెలుసు.

అదే కోడ్‌లోని 41వ ఆర్డరు 3-ఎ నియమం ప్రకారం ఈ పిటిషన్, అఫిడవిట్ అప్పీలుతో పాటే దాఖలు కావాలి. కోర్టు సాధారణంగా ప్రతివాదికి నోటీసు ఇచ్చి, ముందు దీన్ని తేల్చి, ఆ తరువాతే అప్పీలు జోలికి వెళ్తుంది. పిటిషన్‌లో, అఫిడవిట్‌లో, చివరి ప్రార్థనలో ఆలస్యపు రోజుల సంఖ్య ఒకేలా ఉండాలి. జులై 7న కాక 8న దాఖలైతే అది 96 అవుతుంది, ఒక చోట దిద్ది రెండు చోట్ల మరచిపోవడం మా ఆఫీసుల్లో రోజూ జరిగేదే. దిద్దిన ప్రతిచోటా పక్కన మీ పొట్టి సంతకం, ధృవీకరించినవారి సంతకం ఉన్నాయో లేదో చూసుకొని కట్ట కట్టించండి.